అనుమతి లేని ఊరేగింపుకు సిద్ధమవుతున్న సంఘాలకు బహిరంగ లేఖ

మిత్రులారా,

నిషేధం ఉన్నా సరే వీధిలోకి రావాలా, ఆగాలా అని మీ కార్యవర్గాల్లో వాదన నడుస్తోంది. మేము ఇలాంటి కేసులు వాదించేవాళ్లం, వాటిని న్యాయశాస్త్ర విద్యార్థులకు పాఠం చెప్పేవాళ్లం. తీర్మానం మీద సంతకాలు పడకముందే మీ ముందు కొన్ని విషయాలు పెట్టాలని ఈ లేఖ రాస్తున్నాం.

అన్యాయమైన చట్టాన్ని ఉల్లంఘించవచ్చా అన్న ప్రశ్న దగ్గర మీలో పెద్దగా భేదాభిప్రాయం ఉండదు. అసలు చిక్కు వేరేచోట ఉంది. మీకు కడుపుమంట పుట్టించిన చట్టం ఒకటి, వీధిలోకి వచ్చినప్పుడు మీరు నిజంగా ఉల్లంఘించేది ఇంకొకటి. ఊరేగింపుకు ముందుగా అనుమతి తీసుకోవాలనే నిబంధనను అన్యాయమని ఎవరూ అనరు. రోడ్డు అందరిదీ కాబట్టి అలాంటి నిబంధన ఒకటి ఉండాల్సిందే. మరి దాన్ని ఉల్లంఘించినప్పుడు నైతికంగా ఏమని సమర్థించుకుంటారు? అనుమతి నిబంధన మీద కోర్టు ఇంజంక్షన్ కూడా వచ్చి పడితే అప్పుడేమంటారు? ఈ రెండు ప్రశ్నలనూ ఒకేసారి తేల్చాల్సి వచ్చిన ఘటన 1963లో అమెరికాలోని అలబామా రాష్ట్రం, బర్మింగ్‌హాం నగరంలో జరిగింది. అక్కడ ఒకే రోజు, ఒకే నడక మీద రెండు కేసులు పడ్డాయి. ఆ దేశ సుప్రీంకోర్టు ఒకదాంట్లో శిక్షను ఖాయం చేసింది, రెండోదాంట్లో కొట్టేసింది. ఆ తేడా ఎందుకొచ్చిందో తెలిస్తే మీ తీర్మానంలో ఏముండాలో తెలుస్తుంది.

ఆ నగరంలో దుకాణాల్లోని భోజన బల్లల దగ్గర, మంచినీళ్ల కొళాయిల దగ్గర, బట్టలు వేసుకుని చూసుకునే గదుల దగ్గర నల్లవారిని వేరుగా ఉంచేవారు. 1962 సెప్టెంబరులో వ్యాపారులతో చర్చలు జరిగాయి. ఆ అవమానకరమైన బోర్డులు తీసేస్తామని మాట వచ్చింది. కొన్ని కొన్నాళ్లు తీశారు, మళ్లీ తగిలించారు. అయినా ఉద్యమం వెంటనే మొదలు కాలేదు. మేయర్ ఎన్నికలు దగ్గర పడ్డాయని ఒకసారి, రెండో విడత పోలింగ్ ఉందని ఇంకోసారి వాయిదా వేసి, అది 1963 ఏప్రిల్ 2న ముగిశాకే మర్నాడు ఆందోళనకు దిగారు. ఈ క్రమాన్ని జాగ్రత్తగా చూడండి. నిజాలు సేకరించారు, చర్చలకు వెళ్లారు, మాట తప్పడం కళ్లారా చూశారు, ఆ తర్వాత దెబ్బలు తిన్నా తిరిగి కొట్టని మనుషులను తయారు చేసుకున్నారు. ఇందులో ఏ మెట్టు దాటేసినా, 'ఇంకో దారి లేక దిగాం' అనే మాటకు ఆధారం ఉండదు. మీరు చర్చలకు వెళ్లిన తేదీలు, ఎదుటివారు ఇచ్చిన మాటలు, ఆ మాట తప్పిన తేదీలు ఒకే కాగితం మీద వరుసగా రాసి చూడండి. ఆ కాగితం సగం కూడా నిండకపోతే మీకు ఇంకా వేళ కాలేదని అర్థం.

ఇక అనుమతి సంగతి. బర్మింగ్‌హాం నగర నిబంధనల్లో 1159వ సెక్షన్ ప్రకారం ఊరేగింపుకు నగర కమిషన్ అనుమతి కావాలి. ప్రజా సంక్షేమం, శాంతి, భద్రత, ఆరోగ్యం, మర్యాద, సువ్యవస్థ, నీతి, సౌకర్యం, వీటిలో దేని దృష్ట్యానైనా ఇవ్వకూడదని కమిషన్‌కు తోస్తే నిరాకరించవచ్చు. ఏప్రిల్ 3న ఉద్యమకారుల తరఫున ఒక మహిళ, నగర భద్రతా వ్యవహారాల కమిషనర్ బుల్ కానర్ దగ్గరకు వెళ్లి పర్మిట్ అడిగారు. పర్మిట్ రాదని, పికెటింగ్ చేస్తే జైలుకు పంపుతానని ఆయన ముఖం మీదే చెప్పాడు. రెండు రోజుల తర్వాత ఉద్యమ నాయకుడు ఫ్రెడ్ షటిల్స్‌వర్త్ తేదీలు, చోటు రాసి టెలిగ్రాం ద్వారా మళ్లీ అడిగారు. అనుమతి ఇవ్వాల్సింది కమిషన్ మొత్తం తప్ప తానొక్కడే కాదని కానర్ జవాబు పంపాడు. మొదట నోటిమాట, తర్వాత టెలిగ్రాం. ఆరేళ్ల తర్వాత సుప్రీంకోర్టులో ఆదుకున్నవాటిలో ఈ రెండూ ఉన్నాయి.

అనుమతి నిబంధన న్యాయమైనదో కాదో తేల్చుకోవడానికి మేము వాడే పరీక్ష ఒకటుంది. ఆ నిబంధన చదివి, అధికారి కాదనలేని దరఖాస్తు ఒకటి రాయగలరేమో ప్రయత్నించండి. ఇంత వెడల్పు రోడ్డు, ఇంతమంది, ఇన్ని గంటలకు మొదలై ఇన్ని గంటలకు ముగింపు, అంబులెన్సుకు దారి, ఇవన్నీ సరిగ్గా ఉంటే అనుమతి ఇచ్చి తీరాలని నిబంధన చెబితే అది రోడ్డు కోసం పుట్టింది. అలాంటి దానికి లోబడాలి, కష్టమైనా లోబడాలి. ఎంత చక్కగా రాసినా 'నాకు నీతిగా తోచలేదు' అని అధికారి తిప్పి పంపగలిగితే అది రోడ్డు గురించి కాదు, అధికారి ఇష్టాయిష్టాల గురించి రాసిన నిబంధన. 1159వ సెక్షన్ రెండో రకం. దాని లోపం అక్షరాల్లోనే ఉంది.

అక్షరాల్లో లోపం లేకపోయినా అమలులో ఉండవచ్చు. అది చూపడం ఇంకా కష్టం. మీకు నిరాకరించిన అధికారే అదే దారిలో, అంతే జనంతో ఇంకొకరికి అనుమతి ఇచ్చిన దాఖలాలు కావాలి. గత రెండు మూడేళ్ల అనుమతుల రిజిస్టరు నకళ్లు తీయించండి. మీకు దగ్గరగా పోలే ఊరేగింపులు నాలుగైదు ఎంచుకుని తేదీ, దారి, సంఖ్య, జవాబు పక్కపక్కన వేయండి. మీ దరఖాస్తు రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. వెళ్లేటప్పుడు ఇద్దరు వెళ్లండి. నోటిమాటగా కాదంటే ఆ రోజే ఉత్తరం పంపండి: 'ఈ రోజు ఇన్ని గంటలకు మీరు ఇలా అన్నారు, మేము పొరపాటుగా విని ఉంటే రెండు రోజుల్లో తెలపండి.' జవాబు వచ్చినా రాకపోయినా ఆ ఉత్తరమే సాక్ష్యం. చాలామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు. 'ఎలాగూ ఇవ్వరు' అనుకుని అసలు దరఖాస్తే పెట్టరు. అప్పుడు కోర్టులో నిలబడి అధికారి అన్యాయం చేశాడని చెప్పడానికి ఆయన చేసిన పని అంటూ ఏమీ ఉండదు.

బర్మింగ్‌హాంకు తిరిగి వద్దాం. ఏప్రిల్ 10 రాత్రి నగర పాలకులు రాష్ట్ర కోర్టు జడ్జి దగ్గరకు వెళ్లి, అవతలి పక్షం మాట వినకుండానే ఇంజంక్షన్ తెచ్చుకున్నారు. 139 మంది వ్యక్తులను, రెండు సంస్థలను పేర్కొంటూ, పర్మిట్ లేకుండా ఊరేగింపులు తీయరాదన్నది ఆ ఆజ్ఞ. అర్ధరాత్రి దాటాక అది నాయకుల చేతికి అందింది. మార్టిన్ లూథర్ కింగ్ ముందు ఇప్పుడు రెండు కాగితాలున్నాయి. ఒకటి నగర నిబంధన, ఇంకోటి కోర్టు ఆజ్ఞ. అలబామా కోర్టులు ఇంజంక్షన్‌ను నల్లవారిని వేరుగా ఉంచే పద్ధతిని కాపాడే పనిముట్టుగా వాడుతున్నాయని, అందుకే దీనికి లోబడలేమని మర్నాడు పత్రికల వారి ముందు ప్రకటించారు. శుక్రవారం, ఏప్రిల్ 12న ముగ్గురు మతబోధకుల వెంట 52 మంది చర్చి నుంచి బయలుదేరారు.

ఆ నడక ఎలా సాగిందో సుప్రీంకోర్టు తీర్పులోనే వివరంగా ఉంది. చాలావరకు ఇద్దరిద్దరుగా, పక్కనున్న కాలిబాట మీదే నడిచారు. కూడళ్లలో తప్ప రోడ్డు మీదికి దిగలేదు. ట్రాఫిక్ సిగ్నళ్లు దాటలేదు, ఒక్క వాహనాన్నీ ఆపలేదు. చూడవచ్చినవారు వెనక కొంత దూరంలో అనుసరించారు. వాళ్లలో కొందరు అక్కడక్కడా రోడ్డు మీదికి వచ్చినా దారి మూసుకుపోలేదు. నాలుగు వీధులు దాటాక పోలీసులు అందరినీ అరెస్టు చేశారు. అంటే అనుమతి నిబంధన ఏ హాని జరగకూడదని పుట్టిందో, అనుమతి లేని ఆ ఊరేగింపు ఆ హాని చేయలేదు. నిబంధనను ఉల్లంఘిస్తూనే, ఆ నిబంధన కాపాడాల్సిన వాటన్నిటినీ తామే కాపాడారు. నైతిక సమర్థనకు ఇంతకన్నా గట్టి పునాది మాకు తెలియదు. మీ ఊరేగింపు కూడా అనుమతి వచ్చి ఉంటే ఎంత క్రమంగా నడిచేదో అనుమతి రానప్పుడూ అంత క్రమంగానే నడవాలి.

రెండు రోజుల తర్వాత, ఈస్టర్ ఆదివారం జరిగిన ఊరేగింపు ఇంత శుభ్రంగా సాగలేదు. చూడవచ్చిన జనంలోంచి మూడు నాలుగు వందల మంది వెనకాల రోడ్డంతా నిండిపోయారు. వాళ్లలో కొందరు రాళ్లు విసిరారు. ఒక పత్రికా విలేఖరికి గాయమైంది, పోలీసు మోటారు సైకిలు దెబ్బతింది. విసిరింది శిక్షణ పొందిన కార్యకర్తలు కాదు. కానీ తర్వాత తీర్పులో ఆ రాళ్ల ప్రస్తావన వచ్చి కూర్చుంది. మీ వాళ్లకు ఎంత శిక్షణ ఇచ్చినా మీ వెనక నడిచేవారికి ఎవరూ ఇవ్వరు. అందుకని వరుసకు, చూసేవారికి మధ్య నిలబడడానికి కొందరిని ప్రత్యేకంగా పెట్టండి. వాళ్ల పని ముందుకు చూడడం కాదు, వెనక్కి చూడడం. రాయి పడగానే ఊరేగింపు అక్కడే కూర్చోవాలా, చెదిరిపోవాలా అన్నది ముందే నిర్ణయించి ఉండాలి. ఆ క్షణంలో చర్చ పెట్టుకునే వీలుండదు.

ఇప్పుడు రెండు తీర్పుల సంగతి. కోర్టు ధిక్కారం కేసులో ఎనిమిది మంది మతబోధకులకు తలా ఐదు రోజుల జైలు, 50 డాలర్ల జరిమానా పడింది. విచారణలో వాళ్లు నిబంధన చెల్లదని వాదించబోయారు. ఇంతకుముందు పర్మిట్లు కమిషన్ కాకుండా, పోలీసు ట్రాఫిక్ విభాగం అడిగితే నగర గుమస్తానే ఇచ్చేవాడని చూపబోయారు. జడ్జి ఏదీ పట్టించుకోలేదు. ఆజ్ఞ ఇచ్చే అధికార పరిధి కోర్టుకు ఉందా, తెలిసి దాన్ని మీరారా అన్న రెండే ప్రశ్నలన్నాడు. 1967 జూన్‌లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ శిక్షను ఖాయం చేసింది. నిబంధన చెల్లుబాటు గురించి గట్టి సందేహాలున్నాయని మెజారిటీ తీర్పే ఒప్పుకుంది. అయినా ఆజ్ఞను ముందు కోర్టులో సవాలు చేయాలి, మీరిన తర్వాత అది తప్పని చెప్పుకుంటే కుదరదంది. ఆ ఏడాది అక్టోబరు చివర కింగ్ మళ్లీ బర్మింగ్‌హాం వెళ్లి జైల్లో కూర్చున్నారు.

రెండో కేసు షటిల్స్‌వర్త్‌ది. అది కోర్టు ఆజ్ఞ మీద కాదు, 1159వ సెక్షన్ మీద. ఆయనకు 90 రోజుల కఠిన శిక్ష వేశారు. జరిమానా, ఖర్చులు కట్టకపోతే ఇంకో 48 రోజులు, మొత్తం 138 రోజులు. 1969 మార్చిలో అదే సుప్రీంకోర్టు, అసమ్మతి తీర్పు ఒక్కటీ లేకుండా, ఆ శిక్షను కొట్టేసింది. రెండు తీర్పులూ రాసింది ఒకే న్యాయమూర్తి, పాటర్ స్టీవర్ట్. అధికారికి హద్దులేని విచక్షణ ఇచ్చే నిబంధన రాజ్యాంగం ముందు నిలవదు, అలాంటి దాన్ని పక్కనపెట్టి నడిచే హక్కు పౌరుడికి ఉందన్నారు. ఈలోగా రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌కు ట్రాఫిక్ వరకే పరిమితమైన అర్థం చెప్పి దాన్ని నిలబెట్టే ప్రయత్నం చేసింది. 1963లో వీధిలో నిలబడ్డవాడికి ఆ అర్థం తెలిసే దారి లేదని సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది.

కాబట్టి మీ చేతికి కాగితం రాగానే చూడాల్సింది, అది ఎవరు ఇచ్చింది అన్నది. శాసనమైతే, ఉల్లంఘించిన తర్వాత కూడా అది చెల్లదని వాదించే దారి ఉంటుంది. కోర్టు ఆజ్ఞ అయితే ఆ దారి చాలాచోట్ల మూసుకుపోతుంది. ఆజ్ఞ తప్పని తర్వాత తేలినా శిక్ష అలాగే ఉంటుంది. ఆజ్ఞలో ఎవరి పేర్లున్నాయి, ఏ పని వద్దన్నారు, ఎప్పటివరకు, అవతలి పక్షం విన్నారా, ఎత్తివేయమని అడగడానికి ఎంత గడువు, ఈ ఐదూ న్యాయవాది చేత గంటలో చదివించి కార్యవర్గం ముందు గట్టిగా చెప్పించండి.

'అయితే కోర్టుకు ముందు వెళ్లకపోవడం కింగ్ చేసిన తప్పా?' అని మీలో కొందరు అడుగుతారు. కాదని మా అభిప్రాయం. కారణం ఆయన ముందున్న రెండు అనుభవాలు. మొదటిది 1962 జులైలో పొరుగు రాష్ట్రం జార్జియాలోని ఆల్బనీలో. ఫెడరల్ జడ్జి ఇంజంక్షన్ ఇస్తే ఆయన లోబడ్డారు. నాలుగు రోజుల్లోనే పై కోర్టు దాన్ని ఎత్తేసింది గానీ, అప్పటికి జనంలో ఊపు తగ్గింది. రెండోది అంతకన్నా పెద్దది. 1956లో అలబామా ప్రభుత్వం ఇలాగే అవతలి పక్షం వినకుండా ఆజ్ఞ తెచ్చుకుని, నల్లవారి హక్కుల జాతీయ సంఘాన్ని రాష్ట్రంలో పనిచేయకుండా ఆపేసింది. ఆ సంఘం చెప్పినట్టే చేసింది. ఆపింది, కోర్టుకెళ్లింది. సుప్రీంకోర్టు దాకా మళ్లీ మళ్లీ వెళ్లి గెలిచింది. ఆ రాష్ట్రంలో మళ్లీ పని మొదలుపెట్టేసరికి 1964 వచ్చింది. ఎనిమిదేళ్లు! కోర్టు తలుపు మూసి లేదు, కానీ ఆ తలుపు గుండా వెళ్లడమే ఓడిపోవడం అయింది. బర్మింగ్‌హాం ఉద్యమానికి బలం ఈస్టర్ కొనుగోళ్ల వేళ దుకాణాల బహిష్కారం. ఆ వారం గడిచాక వచ్చే తీర్పుతో వాళ్లకు పని లేదు. జాప్యమే అవతలి పక్షానికి ఆయుధమైనప్పుడు, ఆ జాప్యానికి కట్టుబడమని నైతికంగా ఎవరినీ అడగలేం.

ఇంత చెప్పి కూడా, వాళ్లు వదిలేసిన ఒక ఖాళీని మీరు వదలకూడదని కోరుతున్నాం. 1967 తీర్పులో ఒక ముఖ్యమైన మాట ఉంది. ఆజ్ఞను మీరడానికి ముందే అలబామా కోర్టుల్లో దాన్ని సవాలు చేసి, అక్కడ జాప్యమో నిరాకరణో ఎదురై ఉంటే ఈ కేసు వేరుగా ఉండేది అని. గురువారం ఆజ్ఞ అందింది, శుక్రవారం నడిచారు. మధ్యలో ఒక్క పిటిషన్ పడలేదు. అది వేసినా ఆ కోర్టులో ఫలితం వచ్చేదని మేమూ అనుకోం. కానీ ఫలితం కోసం కాదు ఆ పిటిషన్. తలుపు కొట్టామని, తీయలేదని చెప్పడానికి. ఆజ్ఞ అందిన రోజే ఎత్తివేత పిటిషన్, అత్యవసర విచారణ కోరే మెమో, తేదీ దాటితే మీకు జరిగే నష్టం చెప్పే అఫిడవిట్, ఈ మూడూ దాఖలు చేయండి. ఇవి ఒక రాత్రిలో తయారవుతాయి. తేదీ దాటితే నష్టం లేదని అఫిడవిట్ రాస్తున్నప్పుడు మీకే తెలిస్తే, ఆగండి. వచ్చే వారం నడిచినా ఒకటే అయితే కోర్టు ఆజ్ఞను ధిక్కరించడానికి మీకు కారణం లేదు.

మనస్సాక్షి పేరుతో ఆజ్ఞను ధిక్కరించినవాడు ఆ ఏడాది అలబామాలో ఇంకొకడూ ఉన్నాడు. మీ సమర్థన వాదాన్ని అతనితో పోల్చి చూసుకోవాలి. 1963 జూన్ 11న గవర్నర్ జార్జ్ వాలెస్, ఫెడరల్ కోర్టు ఆజ్ఞ ఉండగా, ఇద్దరు నల్లజాతి విద్యార్థులు చేరకుండా రాష్ట్ర విశ్వవిద్యాలయం గుమ్మంలో నిలబడ్డాడు. అతనూ పెద్ద సూత్రాల గురించే మాట్లాడాడు, రాష్ట్రాల హక్కులన్నాడు. బహిరంగంగానే నిలబడ్డాడు, రాళ్లు విసరలేదు. 'మా లక్ష్యం పవిత్రం, మేము శాంతియుతం, మేము దాచుకోలేదు' అన్నంతమాత్రాన మీరు అతనికి భిన్నం కారు.

తేడా మూడు చోట్ల ఉంది. తన అభిప్రాయాన్ని నెగ్గించుకోవడానికి వాలెస్‌కు శాసనసభ ఉంది, ఎన్నికలున్నాయి, పోలీసులున్నారు. బర్మింగ్‌హాంలో నడిచినవారిలో ఎందరికో ఓటు కూడా అందనివ్వలేదు. ఇంకోటి, వాలెస్ కాపాడుతున్నది తనకు వర్తించని నియమాన్ని, ఇతరుల మీద మాత్రమే పడే భారాన్ని. ఎవరి మీద భారం పడుతుందో వారికి ఆ నియమం చేయడంలో పాలు లేకపోతే, అది అన్యాయమని చెప్పడానికి పెద్ద తత్వశాస్త్రం అక్కర్లేదు. చివరిది శిక్ష. దేశాధ్యక్షుడు కెనడీ రాష్ట్ర నేషనల్ గార్డ్‌ను ఫెడరల్ అధీనంలోకి తీసుకోగానే వాలెస్ పక్కకు తప్పుకున్నాడు, ఇంటికి వెళ్లాడు. కింగ్ జైలుకు వెళ్లారు. మీ తీర్మానం ముసాయిదా తీసుకుని అందులో మీ డిమాండ్ చెరిపేసి మీ ప్రత్యర్థుల డిమాండ్ రాయండి. మిగతా వాక్యాలన్నీ వాళ్లకూ అతికినట్టు సరిపోతే, మీ సమర్థన ఇంకా తయారు కాలేదు.

శిక్ష గురించి అపోహలు చాలా ఉన్నాయి. శిక్షకు సిద్ధపడడమంటే వాదన మానుకోవడం కాదు. పారిపోకపోవడం, ముఖం దాచుకోకపోవడం, చేసిన పనిని చేయలేదని చెప్పకపోవడం, అంతే. షటిల్స్‌వర్త్ ఆరేళ్లు అప్పీలు చేశారు. అది శిక్షను తప్పించుకోవడం కాదు, నిబంధనను విచారణకు పెట్టడం. దీనికి భిన్నమైన దారి 1917 ఏప్రిల్ 18న చంపారన్‌లో కనిపిస్తుంది. జిల్లా విడిచి వెళ్లమన్న ఆజ్ఞను మీరిన గాంధీ, మోతీహరి మెజిస్ట్రేటు ముందు నేరం ఒప్పుకున్నారు. అధికారం మీద గౌరవం లేక కాదు, మనస్సాక్షి మాట విని మీరానని వాంగ్మూలం ఇచ్చారు. దాంతో విచారణలో తేల్చడానికి మెజిస్ట్రేటుకు ఏమీ మిగల్లేదు. తీర్పు వాయిదా పడింది, కొద్ది రోజుల్లో ప్రభుత్వమే కేసు ఉపసంహరించుకుంది. నిబంధన చెల్లదని తేల్చాలంటే షటిల్స్‌వర్త్ దారి. ప్రభుత్వం చేత జవాబు చెప్పించాలంటే చంపారన్ దారి. ఒకే కేసులో రెండూ కలపకండి. నేరం ఒప్పుకున్నాక నిబంధన చెల్లదనే అప్పీలుకు సాధారణంగా బలముండదు.

ఎవరు జైలుకు వెళ్తారన్నది సంకల్పంతో తేలే విషయం కాదు. బర్మింగ్‌హాంలో ఆ శుక్రవారానికి ముందే బెయిలు సొమ్ము అయిపోయింది. లోపలున్నవారిని ఎలా విడిపించాలో తెలియని స్థితిలో కింగ్ నడిచారు. రోజు కూలి మీద బతికేవారికి, ఉద్యోగ పరీక్షలు రాయబోయేవారికి, ఇంట్లో మంచం పట్టినవారిని చూసుకునేవారికి అదే ఐదు రోజుల శిక్ష పదింతల బరువు. ప్రతి ఒక్కరితో విడిగా మాట్లాడండి. గుంపులో అడిగితే కాదనడం కష్టం. సెక్షన్ పేరు, గరిష్ఠ శిక్ష, బెయిలుకు పట్టే రోజులు, ఎవరు ఖర్చు భరిస్తారు, కేసు ఉంటే ఏ ఉద్యోగాలకు అడ్డం, ఇవి చెప్పాకే పేరు రాసుకోండి. బయటే ఉండి పనిచేసేవారి జాబితా వేరే ఉండాలి, దానికి తక్కువ గౌరవం ఉండకూడదు.

పిల్లల విషయంలో మాలోనే ఏకాభిప్రాయం లేదు. మే 2న బర్మింగ్‌హాంలో వెయ్యి మందికి పైగా విద్యార్థులు బడులు వదిలి వీధుల్లోకి వచ్చారు. మర్నాడు వాళ్ల మీదికి నీటి గొట్టాలు, పోలీసు కుక్కలు వచ్చాయి. ఆ ఫోటోలు ప్రపంచమంతా చూసింది, వారంలో ఒప్పందం కుదిరింది. ఆ చట్టాల భారం పిల్లలే మోస్తున్నారని, వాళ్లను వద్దనడానికి పెద్దలకు హక్కేముందని మాలో కొందరి వాదం. జైలంటే ఏమిటో తెలియని వయసులో ఇచ్చిన అంగీకారం అంగీకారమే కాదని మిగతావారి వాదం. ఒకటి మాత్రం అందరం ఒప్పుకుంటాం. ఫలితం వచ్చింది కాబట్టి అది సరైనదని అనకూడదు. కుక్కలు వస్తాయని ముందే తెలిసి ఉంటే పంపేవారా అన్నదే ప్రశ్న.

డిమాండ్లు ఎప్పుడు నెరవేరాయో బయటివాడు కూడా చెప్పగలిగేలా రాసుకోండి. మే 10 నాటి ఒప్పందంలో ఆందోళన ఆగిన మూడు రోజుల్లో బట్టల గదులు అందరికీ తెరవాలని, కొత్త నగర ప్రభుత్వం కోర్టు ద్వారా ఖాయమైన 30 రోజుల్లో బోర్డులు తీయాలని, 60 రోజుల్లో భోజన బల్లల దగ్గర మార్పు మొదలవాలని గడువులున్నాయి. ఇలాంటి డిమాండ్ ఉంటే ఉల్లంఘన ఎప్పుడు ఆపాలో మీకూ తెలుస్తుంది, ఆపించడానికి ఏం చేయాలో అధికారులకూ తెలుస్తుంది. 'న్యాయం జరిగేదాకా' అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. రాజీ కుదిరిన రోజున అనుమతి నిబంధన మీద నడుస్తున్న కేసును మాత్రం అందులో కలిపేయకండి, వదులుకోకండి. ఆ ఒప్పందంతో 1159వ సెక్షన్ పోలేదు. కింది కోర్టు నుంచి ప్రతి మెట్టులోనూ అభ్యంతరం నమోదు చేస్తూ వచ్చిన ఒక్క అప్పీలు వల్ల ఆరేళ్లకు పోయింది. ఆ ఫైలు బాధ్యత ఎవరిదో పేరుతో సహా ఇప్పుడే తీర్మానంలో రాయండి.

ఇట్లు,
పౌరహక్కుల కేసులు వాదించే కొందరు న్యాయవాదులు, న్యాయశాస్త్ర అధ్యాపకులు